కొండవాలులో ఇల్లు కడుతున్నారా? ముందు వరస గుంతలు ఎక్కడ ఆగాయో చూసుకోండి

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. అప్పటినుంచి వానాకాలం వస్తోందంటే కొండవాలులో ఉన్నవాళ్లందరికీ పైనుంచి ఏం పడుతుందోననే టెన్షన్. అది ఉండాల్సిందే. కానీ విశాఖలో అరిలోవ, హనుమంతవాక లాంటి కొండవాలు ప్రాంతాల్లో చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లు పైకి మాత్రమే చూస్తున్నారు, కాళ్ల కింద జరిగే తప్పు చూడటం లేదు.

సిమెంటు, ఇనుము సంగతి మీ ఇంజినీరు చెప్తాడు, నేను చెప్పేది ఒక్కటే. ఇల్లు సగం తవ్విన నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడకూడదు. నేను చూసిన పగుళ్ల ఇళ్లలో ఎక్కువ భాగం ఇందువల్లే పాడయ్యాయి.

ఎలా జరుగుతుందంటే, వాలు వెంట ఇంటి పొడవు ముప్పై అడుగులు, ఆ దూరంలో నేల పది అడుగులు దిగుతుంది అనుకోండి. జేసీబీ వచ్చి వెనక ఐదడుగులు తవ్వి ఆ మట్టిని ముందుకు తోసి, అక్కడ ఐదడుగులు మెరక చేస్తుంది. చూడటానికి స్థలం చదునుగా, ముచ్చటగా ఉంటుంది. మేస్త్రి మూడు వరసల్లో స్తంభాలకు ముగ్గు పోసి "అన్ని గుంతలూ ఐదడుగులే" అంటాడు. వెనక గుంత గట్టి గ్రావెల్లోకి దిగుతుంది, మధ్య గుంతకీ గట్టి నేలే దొరుకుతుంది. ముందు వరస గుంత మాత్రం సరిగ్గా పాత గడ్డి మీద ఆగుతుంది. ఐదడుగులు తవ్వామనుకుంటారు గానీ అసలు నేలలోకి ఒక్క అంగుళం కూడా దిగలేదు.

కనిపెట్టడం తేలిక. గుంతలోకి దిగి పక్క గోడ చూడండి. పైన రాళ్లూ మట్టీ కలగాపులగంగా ఉండి, కింద వేళ్లతో నల్లటి చార కనిపిస్తే ఆ చారే పాత నేల. గునపం వేస్తే సులువుగా దిగుతున్నా, ప్లాస్టిక్ కవర్లు తేలినా మీరింకా పోసిన మట్టిలోనే ఉన్నట్టు. ఈ లెక్కలో ముందు వరస ఆ చార దాటి మరో ఐదడుగులు, అంటే పైనుంచి పదడుగులు దిగాలి. గట్టి నేల ఇంకా కిందుంటే ఇంకా దిగాలి. ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. లేకపోతే మొదటి వానలకే నీళ్లు తాగిన మట్టి కుంగి ముందు వరస దిగుతుంది, వెనకది కదలదు, మధ్య గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైన వెడల్పుగా పగులు పడుతుంది. దానికి ముందే తలుపులు పట్టేస్తాయి. అలాంటప్పుడు పుట్టీ పెట్టి రంగు వేయించడం వృథా.

స్తంభాల అడుగున పోసే ఫుటింగ్‌లు మెట్లుమెట్లుగా దిగుతున్నప్పుడు పక్కపక్క వాటి అంచుల మధ్య పదడుగులుంటే లోతులో ఐదడుగులకు మించి తేడా ఉండకూడదు, ఉంటే పైదాని బరువు కిందిదాన్ని పక్కకు నెడుతుంది. ముందు ఫుటింగ్ అడుగు అంచు నుంచి బయటి వాలు వరకు అడ్డంగా కనీసం మూడడుగుల నేల మిగలాలి, రాయి అయితే రెండడుగులు. ఇంకా మంచిది, ముందు వైపు మట్టే పోయకండి. స్తంభాలు లేపి, నేలమట్టంలో ఒకసారి, ప్లింత్ దగ్గర ఒకసారి బీములతో కట్టి, పైన స్లాబ్ వేయండి. మట్టి లేకపోతే దాన్ని ఆపే గోడా అక్కర్లేదు.

మట్టి పోయక తప్పకపోతే ముందు గడ్డీ వేళ్లూ తీసేసి, వాలును మెట్లుగా కొట్టి, అర అడుగు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. అది ఇంటి ఫ్లోరింగుకే, స్తంభానికి కాదు.

మట్టిని ఆపే గోడల్ని పడగొట్టేది వాన కన్నా వాటి వెనక నిలిచిన నీరే, కాబట్టి రిటైనింగ్ వాల్ వెనక అడుగు మందాన కంకర, గోడలో మూడంగుళాల పైపులు, అవి బయటికి వాలుగా ఉండాలి. ప్లాస్టరింగ్ వాళ్లు వాటిని పూడ్చేస్తారు, దగ్గరుండి చూడండి. రిటైనింగ్ వాల్ మీద ఇంటి గోడ లేపకండి. తవ్విన అంచుకు పైన అడ్డంగా సిమెంటు కాలువ కట్టి నీటిని పక్కకు, గట్టి కాలువలోకి దింపండి, కింద ఇంటివాళ్ల మీదకు కాదు. మరుగుదొడ్డి ఇంకుడు గుంత మెరకలో వద్దు, ఇంటి పైవైపు అసలే వద్దు. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు మట్టిలోకి వదలొద్దు. వెనక తవ్విన గట్టును నిట్టనిలువుగా వదిలేసి వానాకాలంలోకి వెళ్లొద్దు. వానలో గుంతల్లోకి ఎవరినీ దించొద్దు. నీళ్లు నిలిచిన గుంతలో కాంక్రీటు పోయొద్దు, తోడి, మెత్తబడ్డ మట్టి గీకేసి, అప్పుడు పోయండి. జూన్ దగ్గరపడితే కొత్త తవ్వకం మొదలుపెట్టొద్దు. ముందు వరస కాంక్రీటు పోసేముందు మీరే గుంతలోకి తొంగి చూడండి, ఆ నల్ల చార ఫుటింగ్ అడుగుకు పైన ఉందా లేదా. లేకపోతే కాంక్రీటు బండి వచ్చి వాకిట్లో నిలబడినా సరే, వెనక్కి పంపేయండి.