అడ్మిషన్ల రీల్‌లో టీచర్‌నే మాట్లాడనివ్వండి

స్కూల్ ఓపెన్ డేకి రీల్ తీస్తుంటే డ్రోన్ షాట్‌తో, ర్యాంకుల పోస్టర్‌తో మొదలుపెట్టకండి. పాఠం నడుస్తున్న రెండో తరగతి గదితో మొదలుపెట్టండి. 45 సెకన్ల రీల్‌కి 70 మాటలు దాటితే టీచర్ పరిగెత్తినట్టు చదువుతారు, కాబట్టి స్క్రిప్ట్ చిన్నదిగానే ఉండాలి.

"మూడు నెలల్లో మీ పాప గలగలా ఇంగ్లీష్ మాట్లాడుతుంది" అనే లైన్ తీసేయండి. దాని బదులు టీచర్ ఇలా చెప్పాలి: "నా క్లాసులో 32 మంది ఉన్నారు. ఒత్తులు తడబడే పిల్లల్ని రోజూ చివరి పీరియడ్‌లో నా దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తాను. కొందరికి నెల పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ." ఆ చివరి వాక్యాన్ని మేనేజ్‌మెంట్ కొట్టేయమంటుంది. దయచేసి ఉంచండి, తల్లిదండ్రులు నమ్మేది దాన్నే. ఆ వెంటనే టీచర్ పక్కన ఒక బాబు వేలుపెట్టి చదువుతున్న షాట్ వేయండి.

ప్రతి లైన్‌నీ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఓపెన్ డే రోజు వచ్చిన అమ్మానాన్నలు దీన్ని కళ్లతో చూడగలరా, టీచర్‌ని అడిగి తెలుసుకోగలరా? లేకపోతే తీసేయండి. రోజూ తాళం వేసి ఉండే ల్యాబ్‌ని షూటింగ్ కోసం తెరిచి చూపించడమూ అబద్ధపు హామీయే.

పిల్లల ముఖాలు కనిపిస్తే ముందే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఇవ్వనివాళ్ల పిల్లల్ని వెనుక నుంచి కూడా తీయకండి, ఫ్రేమ్ బయటే ఉంచండి. చివరి ఐదు సెకన్లలో తేదీ, సమయం, "క్లాస్ టీచర్లతో నేరుగా మాట్లాడొచ్చు" అనే మాట చాలు.