మళ్లీ ఆర్డరు పెట్టే ముందు ధర, గడువు అడిగే ఈమెయిలు

అట్టపెట్టెల వంటి సరుకును పాత సరఫరాదారుకే మళ్లీ ఆర్డరు చేసేటప్పుడు చాలామంది 'కిందటిసారి లాగే 2,000 పెట్టెలు పంపండి' అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. ఈలోగా పెట్టెల తయారీకి వాడే క్రాఫ్టు కాగితం ధర పెరిగి ఉంటే, ఆ తేడా ఇన్‌వాయిస్ వచ్చాకే బయటపడుతుంది. అందుకు బదులుగా పాత పర్చేజ్ ఆర్డరు నంబరు, తేదీ, పెట్టె కొలతలు, అట్టలోని ప్లైల, అంటే పొరల సంఖ్య మీరే రాసి, ఇలా అడగండి:

"అప్పుడు పెట్టె ధర 18 రూపాయలు, జీఎస్టీ, రవాణా అదనం. ఇప్పుడూ అదే ధరా? మారి ఉంటే కొత్త ధర ఎంత, అది ఏ తేదీ వరకు చెల్లుతుంది? అప్పుడు 10 రోజుల్లో అందించారు. ఈసారి ఎన్ని రోజులు పడుతుంది? మీ జవాబు చూశాకే ఆర్డరు పంపుతాము."

చివరి వాక్యాన్ని వదలకండి. అది లేకపోతే సరఫరాదారు మీ ఈమెయిలునే ఆర్డరుగా భావించి పెట్టెలకు అట్ట కోయడం మొదలుపెట్టవచ్చు.

గడువులో ఒక మెలిక ఉంది. ఆ 10 రోజులను ఆర్డరు అందిన నాటి నుంచి లెక్కిస్తారా, అడ్వాన్సు జమ అయిన నాటి నుంచా, ముద్రణ డిజైనును మీరు ఖాయం చేసిన నాటి నుంచా అన్నది కూడా అడగాలి. 'ధర ఓకే' అని మాత్రమే జవాబు వస్తే గడువు సంగతి తేలనట్టే కనుక, ఆ ప్రశ్న ఒక్కదాన్నే మళ్లీ పంపండి.