పాఠం 4: ఏ4 రెజ్యూమెను లెటర్ సైజుకు మార్చడం

పోయిన పాఠంలో ఏ4 మీద ఒకే పేజీలో సరిపోయేలా రెజ్యూమె తయారు చేసుకున్నాం. అదే ఫైలును అమెరికాకు పంపాలంటే కాగితం సైజు మారాలి. అక్కడ వాడే లెటర్ కాగితం ఏ4 కంటే 6 మిల్లీమీటర్లు వెడల్పు, 17.6 మిల్లీమీటర్లు పొట్టి. కాలిబ్రి 11 సైజు అక్షరాల్లో దాదాపు నాలుగు లైన్లు తగ్గుతాయన్నమాట.

ముందు ఫైలుకు వేరే పేరుతో కాపీ తీసి పెట్టుకోండి. వర్డ్‌లో `Layout > Size > Letter` నొక్కండి. మధ్యలో సెక్షన్ బ్రేక్ ఉంటే ఒక్క భాగమే మారుతుంది. అప్పుడు `More Paper Sizes`లోకి వెళ్లి, `Apply to` దగ్గర `Whole document` ఎంచుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. నల్లగొండలో బీటెక్ పూర్తిచేసిన ఒకరి రెజ్యూమె, నాలుగు వైపులా మార్జిన్ 2.54 సెంటీమీటర్లు, ఏ4 పేజీ అడుగుదాకా నిండి ఉంది. లెటర్‌కు మార్చగానే చివరి నాలుగు లైన్లు రెండో పేజీకి జారాయి. ఏవి జారాయో చూడండి: `I hereby declare` వాక్యం రెండు లైన్లు, కింద `Place: Nalgonda`, `Date`. మన దగ్గర అలవాటుగా రాసే ఈ డిక్లరేషన్ అమెరికా రెజ్యూమెలో ఉండదు. హెడ్డింగుతో సహా తీసేస్తే పని అయిపోయినట్టే. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అక్కడ రాయరు. అక్షరాల సైజు తగ్గించే ముందు వీటిని తీసేయడమే సరైన పద్ధతి.

డిక్లరేషన్ లేని రెజ్యూమెకు మార్జిన్ మార్చాలి. పైన, కింద 2.54 బదులు 1.65 సెంటీమీటర్లు పెడితే 17.8 మిల్లీమీటర్లు తిరిగి వస్తాయి. పోయినంతా దొరికినట్టే. ఇక్కడ చాలామంది పొరపడతారు. మన కంప్యూటర్లలో వర్డ్ సాధారణంగా సెంటీమీటర్లు చూపిస్తుంది. అంగుళాలనుకుని 0.65 అని కొడితే ఆరున్నర మిల్లీమీటర్లే మిగిలి, అక్షరాలు కాగితం అంచుకు పోతాయి. మార్జిన్ ముందే 1.27 ఉంటే దాన్ని ఇంకా తగ్గించొద్దు. పేరాల మధ్య ఖాళీని 8 పాయింట్ల నుంచి 4కు దించండి. అలాంటి ఖాళీలు పన్నెండు ఉంటే 48 పాయింట్లు, అంటే దాదాపు 17 మిల్లీమీటర్లు కలిసొస్తాయి.

రాతంతా మొదటి పేజీలోనే ఉన్నా రెండో పేజీ ఖాళీగా కనిపిస్తోందా? ఫైలు చివర టేబుల్ ఉంటే దాని కింద ఖాళీ పేరా ఒకటి తప్పకుండా ఉంటుంది. అది డిలీట్ కాదు. దాన్ని సెలెక్ట్ చేసి ఫాంట్ సైజు 1 పెట్టండి, పేరా ఖాళీలు సున్నా చేయండి.

ఇప్పుడు కుడివైపు చూడండి. ట్యాబ్‌తో కుడి అంచుకు పెట్టిన సంవత్సరాలు 6 మిల్లీమీటర్లు లోపలే ఆగిపోయి ఉంటాయి. ఆ లైన్లన్నీ సెలెక్ట్ చేసి, రూలర్ మీద ట్యాబ్ గుర్తును 15.92 నుంచి 16.51కు జరపండి.

చివరగా పీడీఎఫ్ చేసి, అక్రోబాట్ రీడర్‌లో `Ctrl+D` నొక్కండి. పేజీ సైజు `8.50 x 11.00 in` అని ఉండాలి. గడియారం సెంటర్‌లో జిరాక్స్ షాపులో ప్రింట్ తీసి చూస్తే సైజు తెలియదు. అక్కడుండేది ఏ4 కాగితమే, `Fit` పెట్టి ప్రింట్ ఇస్తే పేజీ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది.