విల్లో బెరడు క్యాప్సూల్ ఆస్పిరిన్‌కు బదులు అవుతుందా? లెక్కగట్టి ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలోనో బ్రిటన్‌లోనో సప్లిమెంట్లు అమ్మే దుకాణాల్లో విల్లో బెరడు క్యాప్సూళ్లు దొరుకుతాయి. క్రికెట్ బ్యాట్లు చేసే విల్లో కుటుంబానికి చెందిన చెట్ల బెరడే అది. చాలామంది దాన్ని ‘సహజ ఆస్పిరిన్’ అంటుంటారు. స్టెంట్ వేయించుకుని రోజూ ‘రక్తం పల్చబడే మాత్ర’గా ఆస్పిరిన్ వేసుకునే నాన్నగారికి, కడుపులో మంట ఉండదని పిల్లలు ఈ డబ్బా పంపితే? మాత్ర మానేసి ఇది వాడొచ్చా? కూడదు. ఎందుకో మీరే లెక్క వేసి చూసుకోవచ్చు.

ముందు డబ్బా మీది అంకెలు చదవండి

డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. పెద్దది బెరడు సారం బరువు. మనకు కావాల్సింది అందులో సాలిసిన్, అంటే బెరడులో నొప్పి తగ్గించే పదార్థం, ఎంత అన్నది. ఉదాహరణకు 400 మి.గ్రా. సారంలో 15 శాతం సాలిసిన్ ఉంటే క్యాప్సూల్‌కు 60 మి.గ్రా. వచ్చినట్టు. రోజుకు నాలుగు వేసుకుంటే 240 మి.గ్రా. నడుము నొప్పి మీద జరిగిన పరీక్షల్లో రోజువారీ మోతాదుగా వాడింది కూడా ఇంతే. సాలిసిన్ శాతం రాయని డబ్బాతో ఏ లెక్కా చేయలేం, దాన్ని పక్కన పెట్టేయండి.

సాలిసిన్ నుంచి సాలిసిలిక్ యాసిడ్ ఎంత వస్తుందో చూడండి

సాలిసిన్ అణువులో సగానికి పైగా బరువు గ్లూకోజ్ భాగానిదే. మింగాక అది కడుపు దాటి పేగుల్లోకి వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా ఎంజైములు చక్కెర భాగాన్ని తెంచేస్తాయి. మిగిలిన సాలిజెనిన్ అనే ఆల్కహాల్ రక్తంలోకి చేరుతుంది. దాన్ని ముఖ్యంగా కాలేయం ఆక్సీకరణం చేసి సాలిసిలిక్ యాసిడ్‌గా మారుస్తుంది. ఇదే మార్పును 1838లో రఫేలె పిరియా అనే ఇటలీ రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో చేసి చూపించాడు. పేగుల్లో, కాలేయంలో ఇన్ని పనులు జరగాలి కాబట్టి బెరడు నెమ్మదిగా పనిచేస్తుంది.

ఇక లెక్క. సాలిసిన్ అణుభారం 286, సాలిసిలిక్ యాసిడ్‌ది 138. ఒక్క సాలిసిన్ అణువు నుంచి ఒక్క యాసిడ్ అణువే వస్తుంది. కాబట్టి 240ని 138తో గుణించి 286తో భాగిస్తే దాదాపు 116 మి.గ్రా. ఒక్క అణువూ వృథా కాకపోతే రావాల్సింది అది.

నిజంగా అంత రాదు. ఆరోగ్యవంతుల రక్తాన్ని కొలిచి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 240 మి.గ్రా. సాలిసిన్ ఇచ్చే సాలిసిలిక్ యాసిడ్, 87 మి.గ్రా. ఆస్పిరిన్ ఇచ్చే దానితో సమానం. ఆస్పిరిన్ అణుభారం 180 కనుక, 87 మి.గ్రా. ఆస్పిరిన్ నుంచి వచ్చేది సుమారు 67 మి.గ్రా. యాసిడ్. అంటే 116లో 67 దక్కినట్టు.

చాలామంది తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. గుండె కోసం మన దగ్గర ఎక్కువగా రాసే ఆస్పిరిన్ మాత్ర 75 మి.గ్రా. నాలుగు క్యాప్సూళ్లు 87తో సమానం కదా, ఇంకా ఎక్కువే కదా అనిపిస్తుంది. ఆ 87 మి.గ్రా. సమానత్వం సాలిసిలిక్ యాసిడ్‌ వరకే. గుండెను కాపాడే పని చేసేది ఆ యాసిడ్ కాదు.

ఆస్పిరిన్‌లో అదనంగా ఉన్న ముక్కను గుర్తించండి

1897లో జర్మనీలో బేయర్ కంపెనీ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్‌మన్ సాలిసిలిక్ యాసిడ్‌కు ఎసిటైల్ అనే చిన్న ముక్కను తగిలించి, శుద్ధమైన ఆస్పిరిన్ తయారు చేశాడు. ఆ ముక్క ఏం చేస్తుందో తెలియడానికి మరో ముప్పావు శతాబ్దం పట్టింది. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతున్నాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. నొప్పికీ జ్వరానికీ వాపుకీ కారణమయ్యే పదార్థాలివి. ఆయనకు 1982లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ప్రోస్టాగ్లాండిన్లకు ముడిసరుకు అరాకిడోనిక్ యాసిడ్. సైక్లోఆక్సిజనేజ్, క్లుప్తంగా కాక్స్, అనే ఎంజైములో ఒక సన్నని దారి ఉంటుంది. ఆ ముడిసరుకు దాని గుండా లోపలికి వెళ్తేనే పని మొదలవుతుంది. ఈ ఎంజైములో ఒక రకమైన కాక్స్-1లో ఆ దారి పక్కన 530వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంది. ఆస్పిరిన్ లోపలికి వచ్చి తన ఎసిటైల్ ముక్కను ఆ సెరీన్‌కు అతికించి వెళ్లిపోతుంది. ఇరుకు సందులో లారీ అడ్డంగా ఆగిపోయినట్టే, ఇక అరాకిడోనిక్ యాసిడ్ ముందుకు పోలేదు. ఆ అతుకు ఊడదు. ఆ ఎంజైము పని అయిపోయినట్టే.

సాలిసిలిక్ యాసిడ్ దగ్గర అతికించడానికి ఎసిటైల్ లేదు. కాక్స్‌ను నేరుగా అడ్డుకోవడంలో అది చాలా బలహీనం. అది వాపును తగ్గించేది ఎక్కువగా కణాల్లో కాక్స్-2 అనే మరో రకం తయారీని తగ్గించడం లాంటి వేరే దారుల్లో. బెరడు వల్ల నొప్పి కొంత తగ్గడం అబద్ధం కాదు. కానీ శరీరం సాలిసిన్‌ను ఎన్నిసార్లు మార్చినా దాన్ని ఆస్పిరిన్‌గా మాత్రం చేయలేదు.

ప్లేట్‌లెట్ల దగ్గర తేడా పట్టుకోండి

మామూలు కణంలో ఒక ఎంజైము పాడైతే కేంద్రకంలోని జన్యువులను చూసి కొత్తది తయారవుతుంది. ప్లేట్‌లెట్‌లో కేంద్రకం లేదు. దాని కాక్స్-1 ఒకసారి మూతపడితే, గడ్డ కట్టించే థ్రోంబాక్సేన్ అది బతికినన్నాళ్లూ, అంటే ఎనిమిది పది రోజులు, తయారు కాదు. ఆస్పిరిన్ రక్తంలో ఉండేది తక్కువ సేపే, పదిహేను ఇరవై నిమిషాల్లో సగం విరిగిపోతుంది. అయినా రోజుకు ఒక్క చిన్న మాత్ర సరిపోతుంది. రోజూ పుట్టే కొత్త ప్లేట్‌లెట్లు పదో వంతే కాబట్టి, మర్నాటి మాత్ర వాటి సంగతి చూసుకుంటుంది. ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు ఆస్పిరిన్ ఆపాలా అని డాక్టర్లు ఆలోచించేదీ ఇందుకే. విల్లో బెరడుతో చేసిన పరీక్షలో మాత్రం ప్లేట్‌లెట్ల మీద ప్రభావం చాలా స్వల్పంగా కనిపించింది. స్టెంట్ ఉన్నవారు మాత్ర మానేసి దీన్ని నమ్ముకుంటే రక్షణ పోతుంది.

వేళ చూసుకోండి, వాసన చూడండి

ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర కూడా కాక్స్‌లోని అదే దారిలో కూర్చుంటుంది, కాకపోతే కొన్ని గంటల తర్వాత లేచి వెళ్లిపోతుంది. అది ముందే కూర్చుని ఉంటే ఆస్పిరిన్ సెరీన్‌ను చేరలేదు. దారి ఖాళీ అయ్యేసరికి ఆస్పిరిన్ విరిగిపోయి ఉంటుంది. అందుకే ఎప్పుడో ఒకసారి రెండూ వేసుకోవాల్సి వస్తే పూత లేని ఆస్పిరిన్ ముందు వేసుకుని, కనీసం అరగంట ఆగి ఇబుప్రోఫెన్ వేసుకోమంటారు. పూత ఉన్న మాత్రకు ఈ లెక్క వర్తించదు, డాక్టర్‌ను అడగాలి.

బెరడును అసలే ముట్టకూడని వాళ్లూ ఉన్నారు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం ముప్పు ఉన్నవాళ్లు, వైరల్ జ్వరం ఉన్న పిల్లలు. డెంగ్యూ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్‌లతో పాటు దీన్నీ దూరంగా పెట్టండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు.

చివరగా ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ సీసా మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన గుప్పుమంటే తేమ తగిలి ఎసిటైల్ ముక్క ఊడిపోతోందని, ఎసిటిక్ యాసిడ్ తయారవుతోందని అర్థం. కాలేజీ ల్యాబ్‌లో అలాంటి మాత్రను నలిపి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగు చిక్కగా వస్తుంది, అది సాలిసిలిక్ యాసిడ్ రంగు. తాజా మాత్రకు ఆ రంగు రాదు, వచ్చినా లేతగా ఉంటుంది. వాసన వచ్చిన మాత్రలను పారేసి, కొత్త స్ట్రిప్ కొనుక్కోండి. వంటగదిలో, బాత్‌రూమ్‌లో కాకుండా పొడిగా ఉండే అల్మారాలో పెట్టుకోండి.