ఆస్ట్రేలియా సూపర్ డబ్బు: వీసా రద్దు చేయించాకే కదిలింది

టెంపరరీ వీసాల మీద మెల్‌బోర్న్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, హైదరాబాద్ వచ్చేశాక సూపర్, అంటే అక్కడ ఫండ్‌లో జమయిన రిటైర్మెంట్ డబ్బు కోసం, దేశం వదిలిన టెంపరరీ వీసా వాళ్లు పెట్టుకునే DASP దరఖాస్తు పెడితే అది ముందుకు కదల్లేదు. ఫండ్‌కు ఫోన్లు, మెయిళ్లు, బ్రౌజర్ మార్చడం, ఏదీ పనిచేయలేదు.

దేశం వదిలితే చాలదు, వీసా కూడా ముగిసి ఉండాలి. నా 482 వర్క్ వీసాకి ఇంకా గడువుంది. అందుకే Form 1194 నింపి, వీసా రద్దు చేయమని అక్కడి హోం అఫైర్స్ శాఖకు పంపాను. మన వీసా పోతే దాని మీదున్న ఇంట్లోవాళ్ల వీసాలూ పోతాయి కాబట్టి మా ఆవిడ, పిల్లలు వచ్చేదాకా ఆగాను. రద్దయినట్టు సమాచారం వచ్చాక ఆన్‌లైన్ దరఖాస్తు మళ్లీ తెరిచి, వీసా ఉన్న పాస్‌పోర్ట్ నంబరే ఇచ్చి పంపాను. ఈసారి టెన్షన్ లేకుండా వెళ్లిపోయింది.

పన్ను మాత్రం గట్టిగానే పడింది. మామూలుగా 35 శాతం, అంటే 40,000 డాలర్లకు 26,000 చేతికొస్తాయి. వర్కింగ్ హాలిడే వీసా డబ్బుకైతే 65 శాతం.

అందరికీ ఇదే దారి కాకపోవచ్చు. పీఆర్, పౌరసత్వం ఉన్నవాళ్లకు DASP వర్తించదు. వెళ్లిపోయి, వీసా ముగిసి ఆరు నెలలు దాటితే ఫండ్ ఆ డబ్బును అక్కడి పన్నుల శాఖ ATOకి పంపేయవచ్చు. అప్పుడు అక్కడే అడగాలి.