ముసలి పిల్లికి పేరు, 3వ పాఠం: హుష్ వినబడని పేరు

పోయిన పాఠంలో ఇంట్లో రోజూ అరిచే మాటలన్నీ కాగితం మీద రాయమన్నా కదా, రాశారా? మా ఇంటి లిస్టులో రా, పో, దా, వద్దు, తిను, పాలు వచ్చాయి, మన గోదారోళ్ళకి అదనంగా ఇంకోటి, ఆయ్. ఫోనెత్తితే ఆయ్, పాలబ్బాయి పిలిస్తే ఆయ్. అందుకే మాయ అని పెడదామనుకున్నోళ్ళు ఆగండి, పిల్లికి రోజంతా తన పేరు సగం వినబడుతూనే ఉంటది, ఆఖరికి పట్టించుకోవడం మానేస్తది. రాజా అంటే రా, బొద్దు అంటే వద్దు, ఇదే గొడవ.

వీధిలో ముసలైపోయి మనింటికొచ్చిన దానికి ఇంకో చిక్కుంది, కొన్ని మాటలు దానికి ముందే తెలుసు, అదీ దెబ్బలతో తెలుసు. అమలాపురంలో చేపల మార్కెట్ దగ్గర మాకు దొరికిన దానికి డాక్టరు గారు పళ్ళు చూసి పన్నెండేళ్ళు దాటుంటాయన్నారు. మా అమ్మాయి ముద్దుగా ఉషి అని పెట్టింది. పిలిచినప్పుడల్లా చెవులు వెనక్కి పడిపోయి మంచం కిందకి దూరేది. వారం పట్టింది నాకు బుర్రకెక్కడానికి, మార్కెట్లో దాన్ని అందరూ తోలింది హుష్ హుష్ అనే కదండీ! చీకు కూడా వద్దు, ఛీ వినబడుద్ది.

పైగా వయసు మీద పడితే సన్నటి, కీచు శబ్దాలు ముందు తగ్గుతాయి, స, ష లాంటివి సరిగ్గా అందవు. మ, గ, డ, ల లాంటివి గొంతులోంచి వచ్చే నాదం ఉన్నవి, వాటితో పెడితే మేలు. మేం మొగలి అని మార్చాం. మా పక్కింటి పిన్నిగారు మొగుడా అని వినబడి ఎవర్ని పిలుస్తున్నావే అన్నారు, పిల్లికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

నేర్పడం ఇలా. పేరు ఒక్కసారి అని, వెంటనే ఉప్పు లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప గోరంత పెట్టండి. పూటకి ఐదుసార్లు, రెండు పూటలు. మందేసేటప్పుడు, బుట్టలో పెట్టేటప్పుడు పేరు అనొద్దు, అంటే మళ్ళీ ఉషి కథే.

పది రోజులయ్యాక పరీక్ష. 2019లో జపాన్‌లో సైటో అనే ఆవిడా, వాళ్ళ టీమూ పిల్లుల మీద చేసిన పద్ధతే, మనకి సరిపడా మార్చుకుందాం. కడుపు నిండాక దాని వెనకాల, కనబడకుండా కూర్చుని ఒకే గొంతుతో అరటి, పడవ, కాలవ, గొడుగు అనండి, మాటకీ మాటకీ పదిహేను సెకన్లు ఆగి, ఐదోది పేరు. ముందు మాటలకి చెవి కదిలి మెల్లగా తగ్గిపోయి, పేరుకి మళ్ళీ చెవి తిరిగిందా, పట్టుకున్నట్టే. లేచి రావాలనేం లేదు, మా మొగలి చెవొకటే తిప్పి పడుకుంటది.

ఏ మాటకీ, వెనకనించి కంచం మోతకీ కూడా కదలకపోతే తప్పు పేరుది కాకపోవచ్చు, దాని చెవులు డాక్టరు గారికి చూపించండి. నిజంగా వినబడకపోతే నేల అదిరేలా అరచేత్తో రెండు దెబ్బలు, వెంటనే చేప. ఆ దెబ్బలే దాని పేరవుతాయి, వాటిని ఎలా నేర్పాలో 4వ పాఠంలో.