రాయి నుంచి నాగటి కర్రు దాకా: పాత పద్ధతిలో ఇనుము తీయడం ఎలా?

కంచు పోయి ఇనుము ఎందుకు వచ్చిందంటే, ఇనుము గట్టిది కాబట్టి అని బళ్లో చదువుకున్నాం. అది సగమే నిజం. సుత్తితో బాగా సాగగొట్టిన కంచు కత్తి, బట్టీలోంచి తీసిన మామూలు మెత్తటి ఇనుముకన్నా గట్టిగానే ఉంటుంది, తుప్పు పట్టదు, పైగా కరిగించి అచ్చులో పోసుకోవచ్చు. అయినా ఓడిపోయింది. ఎందుకో తెలియాలంటే ఇనుము తీసే పని మొదటి నుంచి చివరిదాకా చూడాలి, కాబట్టి చేసే వరసలోనే చెప్తాను.

1. రాయి ఏరుకోండి

కంచుకి పది పాళ్లు రాగి అయితే ఒక పాలు తగరం కావాలి. రాగి కొన్నిచోట్లే దొరుకుతుంది, తగరం మరీ తక్కువ చోట్ల. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర 1982లో ఒక మునిగిన ఓడ బయటపడింది, దాదాపు క్రీ.పూ. 1300 నాటిది. అందులో సుమారు 10 టన్నుల రాగి దిమ్మలు, ఒక టన్ను తగరం ఉన్నాయి, అంటే అచ్చంగా కంచు లెక్కే. కంచు చేయాలంటే ఇలాంటి ఓడలు తిరగాలి, వాటి వెనక ఒక రాజో పెద్ద వ్యాపారో ఉండాలి. మామూలు రైతుకి అందులో చోటెక్కడిది?

ఇనుప రాయికి ఓడ అక్కర్లేదు. ఎర్ర రాతి నేలల్లో ఉంటుంది, కొన్నిచోట్ల వాగు ఒడ్డున నల్ల ఇసుకగా కూడా పేరుకుంటుంది. చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువు తెలుస్తుంది, గరుకు పెంకు మీద గీస్తే చాలా రకాలు ఎర్ర గీత గీస్తాయి. ఒక విడతకి 20 కిలోలు చాలు. దాన్ని కట్టెల మంటలో కాల్చండి, తేమ పోయి పగుళ్లిచ్చి సులువుగా నలుగుతుంది. శనగగింజంత ముక్కలు చేసి పొడి జల్లించేయండి, పొడి ఎక్కువైతే బట్టీలో గాలి ఆడదు.

2. బొగ్గు కాల్చుకోండి

20 కిలోల రాయికి కనీసం అంతే బరువు కట్టెబొగ్గు పోతుంది, బట్టీ వేడెక్కించడానికీ తర్వాత సాగగొట్టడానికీ ఇంకా కావాలి. కిలో బొగ్గుకి సుమారు ఐదు కిలోల కట్టె కాలుతుంది కాబట్టి లెక్క మీరే వేసుకోండి. ఇనుముకి అసలు ఖర్చు రాయి కాదు, అడవి.

3. బట్టీ కట్టండి

బంకమట్టిలో ఇసుక, తరిగిన గడ్డి కలిపి తొక్కి మీటరు ఎత్తు గొట్టంలా లేపండి. లోపలి వెడల్పు జానకన్నా కాస్త ఎక్కువ, 25 నుంచి 30 సెంటీమీటర్లు. గోడ బెత్తెడు మందం ఉండాలి. అడుగున చిట్టెం, అంటే రాయిలోంచి కరిగే మడ్డి, కారడానికి ఒక కన్నం పెట్టండి, నేలకి 15–20 సెంటీమీటర్ల ఎత్తున ఒక మట్టి గొట్టాన్ని కొంచెం కిందికి వంచి గుచ్చండి. తిత్తి గాలి అందులోంచే లోపలికి పోతుంది. కొన్ని రోజులు ఆరనివ్వండి, తడి గోడతో మొదలుపెడితే పగిలి ముక్కలు ఎగురుతాయి.

4. ఊదండి, ఆపకండి

ఇదే అసలు పని. ముందు గంటసేపు కట్టెలతో వేడెక్కించి, తర్వాత బొగ్గుతో నింపండి. బొగ్గు కిందికి దిగిన ప్రతిసారీ ఒక కిలో రాయి, ఒక కిలో బొగ్గు పైనుంచి వేస్తూ పోవాలి, దాదాపు పది పదిహేను నిమిషాలకి ఒకసారి. ఇలా నాలుగైదు గంటలు. తిత్తి తొక్కేవాళ్లు మారుతుండాలి, గాలి మాత్రం ఆగకూడదు.

లోపల ఏం జరుగుతుందంటే, బొగ్గు కాలి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, అది రాయిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. ఇనుము 1538 డిగ్రీల దగ్గర గానీ కరగదు, మన బట్టీలో ఇనుముకి అంత వేడి అందదు, అందాల్సిన అవసరమూ లేదు. 1200 డిగ్రీలకి కరిగేది చిట్టెం, అంటే రాయిలోని మలినాలూ కొంత ఇనుమూ కలిసిన మడ్డి. అది కారిపోతే, కరగని ఇనుము రేణువులు గొట్టం కింద ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. (కార్బన్ మోనాక్సైడ్ విషం, ఈ పని ఆరుబయటే చేయాలి.)

చిట్టెం తేనెలా జారుతూ వస్తే పని సాగుతున్నట్టు. రాకుండా జిగటగా ఉండిపోతే వేడి చాల్లేదు లేదా గొట్టం మూసుకుపోయింది, పుల్లతో పొడవండి. దీనికి ఉల్టా తప్పు కూడా ఉంది: బొగ్గూ వేడీ మరీ ఎక్కువైతే ఇనుము కర్బనం పీల్చుకుని పోత ఇనుమవుతుంది, సుత్తి తగలగానే బిస్కెట్టులా విరుగుతుంది.

5. ముద్ద తీసి సమ్మెట వేయండి

అడుగు గోడ పగలగొట్టి, ముద్దని పట్టకారుతో లాగి, ఎర్రగా ఉన్నప్పుడే మొదట మెల్లగా, తర్వాత గట్టిగా కొట్టాలి. స్పాంజీలా ఉండే ముద్దలోంచి చిట్టెం నిప్పుతో సహా చిమ్ముతుంది. 20 కిలోల రాయికి నాలుగైదు కిలోల ముద్ద వస్తే బాగా వచ్చినట్టే, కాల్చి కొట్టి కాల్చి కొట్టి కడ్డీ చేసేసరికి రెండు మూడు కిలోలు మిగులుతుంది. ఒక కర్రు, ఒక కొడవలి, ఒక చిన్న గొడ్డలి అవుతాయి.

మంచి ఇనుము ప్రతిసారీ రాదు. క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు హట్టుసిలి, ఇనుము అడిగిన మరో రాజుకి రాసిన ఉత్తరం దొరికింది: మంచి ఇనుము ప్రస్తుతం కొట్లో లేదు, ఇది చేయడానికి అనువైన కాలం కాదు, అయ్యాక పంపిస్తాను, అప్పటిదాకా ఒక కత్తి పలక పంపుతున్నాను అని. రాజులే అలా సర్దిచెప్పుకునే కాలం అది!

6. అంచుకి ఉక్కు ఎక్కించండి

మెత్తటి ఇనుము కంచుని దాటింది ఇక్కడే. పనిముట్టు అంచుని మండే బొగ్గులో గాలి తగలకుండా కప్పి గంటల తరబడి ఉంచితే పైపొర కర్బనం పట్టి ఉక్కవుతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గాజులా గట్టిపడుతుంది, కాబట్టి మళ్లీ కొంచెం వేడి చూపించి పెళుసుతనం తగ్గించాలి. కంచుని ఎంత కాల్చి ముంచినా అలా గట్టిపడదు. సైప్రస్‌లో దొరికిన క్రీ.పూ. 12, 11 శతాబ్దాల కత్తుల్లో ఈ పనితనం కనిపిస్తుంది. మన దగ్గర తర్వాతి కాలంలో ఇదే విద్య మట్టి మూసల్లోకి వెళ్లింది, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయింది.

ఇనుము సైనికుడి చేతికి ఎలా వచ్చిందంటే, తయారయ్యే మొత్తం పెరగడం వల్ల. అస్సీరియా రాజు రెండో సార్గాన్ కాలానికల్లా, అంటే క్రీ.పూ. 8వ శతాబ్దం చివరికి, ఇనుము గుట్టలుగా పోగుపడింది. 19వ శతాబ్దంలో ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ఖోర్సాబాద్‌లోని ఆయన కోటలో తవ్వితే ఒక గదిలో సుమారు 160 టన్నుల ఇనుము బయటపడింది, చాలావరకు తాడుకి గుచ్చడానికి కన్నం పెట్టిన కడ్డీలే. బాణం ములుకు ఒకసారి వదిలితే పోతుంది, అలా పారేసుకోగలిగేంత చవకైనప్పుడే వేలమంది సైన్యానికి పంచగలరు.

రైతు సంగతి వేరే. ఆయనకి ఒకసారి కొనడం కాదు, సరిచేసుకోవడం ముఖ్యం. రాళ్ల నేలలో కర్రు అరిగిపోతూనే ఉంటుంది. విరిగిన కొడవలి ముక్కని అరిగిన కర్రు మొనకి పెట్టి, రెండూ తెల్లగా మెరిసేదాకా కాల్చి ఒక్క దెబ్బ వేస్తే అతుక్కుపోతాయి. బయటి సరుకు ఏదీ అక్కర్లేదు. అందుకే మన ఊళ్లలో రైతు వానలు పడకముందే కర్రు భుజాన వేసుకుని కమ్మరి కొలిమికి పోయేవాడు, డబ్బులు అప్పుడే ఇచ్చే పని లేదు, కళ్లంలో పంట కొలిచేటప్పుడు కమ్మరి మేర గింజలు పక్కన పెట్టేవాళ్లు.